ఫ్రెంచి, జర్మన్ లింగాలు: వస్తువును కాదు, మాట చివరను చూడాలి

జర్మన్ భోజనాల బల్ల మీద మూడు లింగాలూ ఒకే కంచం పక్కన ఉంటాయి. చెంచా పుంలింగం, డేర్ ల్యోఫెల్. ఫోర్కు స్త్రీలింగం, డీ గాబెల్. కత్తి నపుంసకలింగం, డాస్ మెస్సర్. అవే మూడు వస్తువులు ఫ్రెంచిలోకి వచ్చేసరికి చెంచా స్త్రీలింగం (లా క్వీయేర్), ఫోర్కు కూడా స్త్రీలింగమే (లా ఫుర్షెత్), కత్తి మాత్రం పుంలింగం (లె కుతో). కత్తిలో మగతనం ఎక్కడుంది, ఫోర్కులో ఆడతనం ఎక్కడుంది అని వెతికితే జవాబు దొరకదు. లింగం వస్తువుకు కాదు, మాటకు ఉంటుంది. అందులోనూ ఎక్కువగా మాట చివరి భాగానికి ఉంటుంది. తెలుగువాళ్ళకు ఈ రెండు భాషల్లో మొదట తగిలే చిక్కు ఇదే, ఎందుకంటే మన భాషలో లింగం అచ్చంగా అర్థాన్ని బట్టి నడుస్తుంది.

మగవాళ్ళను చెప్పే మాటలను మన వ్యాకరణం మహత్తులంటుంది. ఏకవచనంలో మిగతావన్నీ, అంటే ఆడవాళ్ళూ పశువులూ వస్తువులూ, క్రియ దగ్గర ఒకే గుంపు: అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో గీత మరోచోట పడుతుంది. అమ్మాయిలు వచ్చారు, ఆవులు వచ్చాయి. మాట దేన్ని సూచిస్తుందో తెలిస్తే క్రియ రూపం దానంతట అదే వస్తుంది, బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. పైగా తెలుగులో విశేషణం మారదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం, అన్నిటికీ అదే 'మంచి'.

ఫ్రెంచి, జర్మన్ భాషల్లో పద్ధతి తలకిందులు. వర్తమానకాల క్రియ లింగాన్ని పట్టించుకోదు. ఆమె వస్తుంది, అతను వస్తాడు, రెండింటికీ జర్మన్‌లో 'కొమ్ట్' ఒక్కటే. లింగమంతా నామవాచకానికి ముందుండే చిన్న మాటలోనూ, విశేషణంలోనూ, తర్వాత వచ్చే సర్వనామంలోనూ బయటపడుతుంది. అంటే మనం అలవాటుగా జాగ్రత్తపడే చోట ఇక్కడ అవసరం లేదు, అసలు పట్టించుకోని చోట అవసరం. సర్వనామం దగ్గర జరిగే తప్పు దీనికి మంచి ఉదాహరణ. తాళంచెవి ఎక్కడుందని అడిగితే మనకు 'అది ఇక్కడుంది' అని నోటికి వస్తుంది. ఆ 'అది'ని జర్మన్‌లో 'ఎస్' అనేస్తారు. కానీ తాళంచెవి 'డేర్ ష్ల్యుస్సెల్', పుంలింగం కాబట్టి 'ఏర్ ఇస్ట్ హియర్' అనాలి. ఫ్రెంచిలో అదే తాళంచెవి 'లా క్లే', కాబట్టి 'ఎల్ ఎ లా' అనాలి. ఆ 'ఏర్', 'ఎల్' మనుషులకు వాడే 'అతను', 'ఆమె' మాటలే.

సంస్కృతం కొంత చదువుకున్నవారికి ఇది మరీ కొత్త కాదు. భార్య అనే అర్థంలో అక్కడ 'భార్యా' స్త్రీలింగం, 'దారాః' పుంలింగం (అదీ బహువచనం), 'కలత్రమ్' నపుంసకం. జర్మన్‌లో అమ్మాయిని చెప్పే 'డాస్ మేట్‌షెన్' నపుంసకమని విని ఆశ్చర్యపోయేవారు ఆ 'కలత్రమ్'ను తలచుకుంటే సరిపోతుంది. హిందీ బాగా వచ్చినవారు అర్థాన్ని పక్కనపెట్టడం త్వరగా నేర్చుకుంటారు, కానీ హిందీ లింగాన్ని ఇక్కడికి మోసుకురాకూడదు. 'కితాబ్' స్త్రీలింగమైనా ఫ్రెంచి 'లీవ్ర్' పుంలింగం, జర్మన్ 'బూఖ్' నపుంసకం. తెలుగులోని సూర్యుడు, చంద్రుడు కూడా ఇలాగే తప్పుదోవ పట్టిస్తారు. మనకు ఇద్దరూ మగవాళ్ళే. ఫ్రెంచిలో సూర్యుడు పుంలింగం, చంద్రుడు స్త్రీలింగం: లె సొలేయ్, లా ల్యూన్. జర్మన్‌లో సరిగ్గా దీనికి ఎదురు: డీ జొన్నె, డేర్ మోండ్.

జర్మన్: చివరి ముక్కదే అధికారం

'మేట్‌షెన్' ఎందుకు నపుంసకమో దాని చివరే చెబుతుంది. 'షెన్' అనేది చిన్నదని సూచించే ప్రత్యయం. అది ఏ మాటకు తగిలినా ఆ మాట నపుంసకమైపోతుంది, మనిషైనా పిల్లి అయినా సరే. 'లైన్' అనే ప్రత్యయం కూడా అంతే. ఇలా మినహాయింపు లేకుండా నమ్మదగిన ప్రత్యయాలు జర్మన్‌లో మరికొన్ని ఉన్నాయి, మొదటి నెలలోనే నేర్చుకోవాల్సినవి అవే. క్రియ నుంచి నామవాచకాన్ని తయారుచేసే 'ఉంగ్' వస్తే స్త్రీలింగం: డీ వోనుంగ్ (ఇల్లు, ఫ్లాట్), డీ రెఖ్నుంగ్ (బిల్లు). భావాలను చెప్పే 'హైట్', 'కైట్', 'షాఫ్ట్' కూడా స్త్రీలింగాలే. 'లింగ్', 'ఇస్మస్' వస్తే పుంలింగం. క్రియ మూలరూపాన్నే పేరుగా వాడితే నపుంసకం. 'ఎస్సెన్' అంటే తినడం, 'డాస్ ఎస్సెన్' అంటే భోజనం.

వీటి తర్వాత పూర్తి హామీ లేకపోయినా బాగా పనికొచ్చేది 'ఎ' అనే అచ్చుతో ముగిసే మాటల గుంపు. లాంపె, టాషె, ష్ట్రాసె లాంటివి దాదాపు పదింట తొమ్మిది స్త్రీలింగాలు. మినహాయింపుల్లో తరచుగా వాడేవి కొన్నే: డేర్ నామె (పేరు), డేర్ కేజె (చీజ్), డాస్ ఔగె (కన్ను), డాస్ ఎండె (ముగింపు). కుర్రాడిని చెప్పే 'డేర్ యుంగె' లాంటి మగవాళ్ళ పేర్లు ఎలాగూ అర్థాన్ని బట్టే తెలిసిపోతాయి.

సమాసాల సంగతి ఇంకా తేలిక. ఎన్ని మాటలు కలిపినా చివరి మాట లింగమే మొత్తానికీ వస్తుంది. జర్మనీకి చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్ళిన తెలుగువాళ్ళు మొదటి వారాల్లోనే పట్టుకు తిరిగే కాగితాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అద్దె ఒప్పందం 'మీట్‌ఫెర్ట్రాగ్'. అద్దె అనే 'మీటె' స్త్రీలింగం, ఒప్పందం అనే 'ఫెర్ట్రాగ్' పుంలింగం, కాబట్టి మొత్తం డేర్ మీట్‌ఫెర్ట్రాగ్. చిరునామా నమోదుకు ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చే ధ్రువీకరణ పేరు 'వోనుంగ్స్‌గేబెర్‌బెష్టేటిగుంగ్'. చూస్తే భయమేస్తుంది గానీ, మధ్యలో ఏముందో చూడనక్కర్లేదు. చివర 'ఉంగ్' ఉంది కాబట్టి డీ. ఆ నమోదు జరిగే కార్యాలయం 'బ్యూర్గెర్‌ఆమ్ట్'. పౌరుడనే 'బ్యూర్గెర్' పుంలింగం, కార్యాలయమనే 'ఆమ్ట్' నపుంసకం, కనుక డాస్. 'ఆమ్ట్' లింగం ఒక్కసారి నేర్చుకుంటే పన్నుల కార్యాలయం 'ఫినాన్స్‌ఆమ్ట్', విదేశాంగ శాఖను చెప్పే 'ఔస్‌వేర్టిగెస్ ఆమ్ట్', ఇంకా ఎన్నో ఆమ్ట్‌లు దానితోపాటే వచ్చేస్తాయి. అందుకే పొడవాటి మాటలను విడివిడిగా బట్టీ పట్టడం కన్నా ఆమ్ట్, కార్టె, ఫెర్ట్రాగ్, షైన్ లాంటి చివరి మాటలను గట్టిగా పట్టుకోవడం లాభం. ఈ సూత్రానికి ఎదురు తిరిగేవి చాలా తక్కువ. 'వోఖె' (వారం) స్త్రీలింగమైనా 'మిట్‌వోఖ్' (బుధవారం) పుంలింగం, ఎందుకంటే రోజుల పేర్లూ నెలల పేర్లూ అన్నీ పుంలింగాలే. 'వోర్ట్' నపుంసకమైనా 'ఆంట్‌వోర్ట్' (జవాబు) స్త్రీలింగం.

భోజనాల బల్ల మీది కత్తి దగ్గరకు మళ్ళీ వస్తే, అక్కడ ఒక హెచ్చరిక ఉంది. 'ఎర్' అంటే పని చేసేవాడు, కాబట్టి పుంలింగం అని పుస్తకాలు చెబుతాయి. ఉపాధ్యాయుడు 'లేరర్', కంప్యూటర్ కూడా అలాగే 'డేర్ కొమ్ప్యూటర్'. ఆ లెక్కన 'మెస్సర్' కూడా పుంలింగం కావాలి కదా? కాదు, ఎందుకంటే అందులోని 'ఎర్' ప్రత్యయం కాదు. పాత జర్మన్‌లో ఆ మాట 'మెజ్జిసహ్స్', అంటే తిండి కోసం వాడే కత్తి. అది సమాసం, చివరి ముక్క 'సహ్స్' నపుంసకం. అరిగి అరిగి 'మెస్సర్' అయింది, లింగం మాత్రం మిగిలింది. కాబట్టి 'ఎర్' కనిపించగానే పుంలింగమని రాసేయకుండా, ముందు భాగం ఆ మాట అర్థానికి సరిపోయే క్రియేనా అని చూడాలి. లేర్ అంటే బోధించు, కాబట్టి లేరర్ నిజమైన కర్త. 'ఫెన్‌స్టర్' (కిటికీ)లో 'ఫెన్‌స్ట్' అనే క్రియ లేదు. అది డాస్ ఫెన్‌స్టర్. చెంచా, తాళంచెవి లాంటి వస్తువుల పేర్ల చివర 'ఎల్' వస్తే పుంలింగం వైపు మొగ్గు ఉంటుందంటారు గానీ, ల్యోఫెల్ పక్కనే గాబెల్ ఉంది కాబట్టి దాన్ని నమ్ముకోకపోవడమే మేలు.

ఇక చదువుతున్నప్పుడు ఎక్కువమందిని బోల్తా కొట్టించేది విభక్తి. 'ఇన్ డేర్ షూలె' (బడిలో) అని చదివి 'షూలె' పుంలింగమనుకుంటారు. అది స్త్రీలింగమే. 'లో' అనే అర్థంలో స్త్రీలింగపు 'డీ' కాస్తా 'డేర్' అయిపోతుంది. అలాగే బహువచనంలో మూడు లింగాలకూ 'డీ'నే వస్తుంది, కాబట్టి 'డీ టిషె' (బల్లలు) చూసి టిష్ స్త్రీలింగమని రాసుకుంటే తప్పు. డేర్, డీ రెండూ ఇలా అనుమానాస్పదమే. కానీ అదే విభక్తి కొన్నిచోట్ల లింగాన్ని కచ్చితంగా పట్టిస్తుంది కూడా. 'ఒక' అనే అర్థపు 'ఐనెన్' కనిపిస్తే తర్వాతి మాట పుంలింగమే. 'కి' అనే అర్థపు 'ట్సూర్' వస్తే స్త్రీలింగం. 'ఇన్స్' వస్తే నపుంసకం, సినిమాకి అనే 'ఇన్స్ కీనో'లో లాగా. 'ఇమ్', 'ట్సుమ్' వస్తే కనీసం స్త్రీలింగం కాదని తెలుస్తుంది. జర్మనీ వీధుల్లో, రైల్వే స్టేషన్లలో కనిపించే బోర్డులను ఈ కళ్ళతో చదివితే నిఘంటువు తెరవకుండానే చాలా మాటల లింగాలు తెలుస్తాయి.

దీన్నే నేర్చుకునే పద్ధతిగా కూడా వాడవచ్చు. కొత్త మాటను 'ఐన్ టిష్', 'ఐన్ బూఖ్' అని రాసుకుంటే పుంలింగానికీ నపుంసకానికీ తేడా చెరిగిపోతుంది, రెండింటికీ 'ఐన్' ఒకటే. 'ఇఖ్ హాబె' (నా దగ్గర ఉంది) అని మొదలుపెట్టి రాసుకుంటే మూడూ విడిపోతాయి: ఇఖ్ హాబె ఐనెన్ ష్ల్యుస్సెల్, ఇఖ్ హాబె ఐనె కార్టె, ఇఖ్ హాబె ఐన్ హండీ. నోరు అలవాటు పడేది ఒంటరి మాటకు కాదు, ఇలాంటి వాక్యానికి. పైగా వాడకంలో అందరూ తప్పుచేసే ఆ 'ఐనెన్' కూడా దానితోపాటే పట్టుబడుతుంది.

ఫ్రెంచి: రాతకన్నా చెవి నయం

ఫ్రెంచిలో రెండే లింగాలు. ఊరట కలిగించే విషయమే, కానీ రాతలో చివర 'ఇ' అక్షరం ఉంటే స్త్రీలింగం అనే సూత్రాన్ని మొదట్లోనే నేర్పడం వల్ల చాలా నష్టం జరుగుతుంది. పుస్తకం, సమస్య, మ్యూజియం మూడింటికీ రాతలో చివర 'ఇ' ఉంది, మూడూ పుంలింగాలే: లె లీవ్ర్, లె ప్రొబ్లేమ్, లె మ్యూజే. అక్షరాన్ని వదిలి చివరి శబ్దాన్ని వింటే ఫలితం ఎంతో మెరుగ్గా ఉంటుంది. ముక్కుతో పలికే శబ్దాలను ఇక్కడ అరసున్నతో చూపుతున్నాం.

'ఆఁ' అని ముక్కుతో ముగిస్తే పుంలింగం. లె రెస్తొరాఁ, లె గువెర్నెమాఁ (ప్రభుత్వం), లె వాఁ (గాలి). రోజూ వాడే మినహాయింపు ఒక్కటే, 'లా దాఁ' అంటే పన్ను. కానీ ఆ 'ఆఁ' తర్వాత హల్లు వినిపిస్తే మొగ్గు స్త్రీలింగం వైపు మారుతుంది: లా ప్లాఁత్ (మొక్క), లా వాఁత్ (అమ్మకం), లా ఫ్రాఁస్. మౌనమనే 'లె సిలాఁస్' దీనికి మినహాయింపు. 'ఆజ్' అని ముగిస్తే పుంలింగం: వొయాజ్, ఫ్రొమాజ్, విలాజ్. ఇందులో పేజీ, సముద్రతీరం, బొమ్మ, పంజరం, కోపం అనే అర్థాల 'పాజ్, ప్లాజ్, ఇమాజ్, కాజ్, రాజ్' మాత్రం స్త్రీలింగాలు. ఈ అయిదింటిలో 'ఇమాజ్' తప్ప మిగతావన్నీ ఒకే అచ్చున్న పొట్టి మాటలని గమనిస్తే గుర్తుంటాయి.

'ఓ' అని ముగిసేవి కూడా పుంలింగాలే: బాతో (పడవ), బ్యూరో, వేలో (సైకిల్), ముందు చూసిన కుతో. నీళ్ళకు 'ఓ', చర్మానికి 'పో', ఈ రెండూ స్త్రీలింగాలు. మరి ఫోటో, మోటో (మోటారు సైకిల్), రేడియో ఎందుకు 'లా' తీసుకుంటాయి? అవి పూర్తి మాటలు కావు. 'ఫొతొగ్రఫీ', 'మొతొసిక్లెత్' స్త్రీలింగాలు, వాటిని తుంచితే వచ్చినవి ఇవి. తుంచిన మాట తల్లి మాట లింగాన్నే ఉంచుకుంటుంది. పొడి అక్షరాల పేర్లదీ ఇదే దారి. వేగపు రైలును చెప్పే తేజేవేకి 'లె', ఎందుకంటే అందులో అసలు మాట 'త్రేఁ'. ఫ్రెంచి రైల్వే సంస్థ ఎస్సెన్‌సేఎఫ్‌కి 'లా', ఎందుకంటే అది 'సొసియెతే'. 2020 మేలో ఫ్రెంచి అకాడమీ కోవిడ్‌ను స్త్రీలింగంగా వాడాలని చెప్పింది కూడా ఈ తర్కంతోనే, అందులో తల మాట 'మలదీ' (వ్యాధి) అని. అప్పటికే జనం నోట 'లె కోవిడ్' పడిపోయింది, ఇప్పటికీ రెండూ వినిపిస్తాయి.

స్త్రీలింగం వైపు గట్టి గుర్తులు మూడు: సియోఁ (నాసియోఁ), ఎత్ (ఫుర్షెత్), భావాలను చెప్పే 'తే' (లిబెర్తే). మూడో దానిలో భావం కాకపోతే జాగ్రత్త. వేసవి 'ఎతే', కమిటీ 'కొమితే' పుంలింగాలు. 'జోఁ' అని ముగిసే మెజోఁ (ఇల్లు), సెజోఁ (ఋతువు) స్త్రీలింగాలే గానీ 'ప్వాజోఁ' (విషం) పుంలింగం.

ఫ్రెంచిలో అసలు ముప్పు అచ్చుతో మొదలయ్యే మాటలది. అక్కడ 'లె', 'లా' రెండూ 'ల్' అయిపోతాయి, లింగం మాయమవుతుంది. ఒక ఆఫీసు బల్ల తీసుకుంటే, కంప్యూటర్ 'లొర్దినాతర్', తెర 'లెక్రాఁ', ప్రింటర్ 'లెఁప్రిమాఁత్'. వింటే మూడూ ఒకేలా ఉన్నాయి. 'నా' అనే మాట పెట్టి చూసినా తేలదు, అచ్చు ముందు స్త్రీలింగానికి కూడా 'మా' బదులు 'మోఁ' వస్తుంది. 'మోఁనెఁప్రిమాఁత్' అని విని ప్రింటర్ పుంలింగమని రాసుకున్నవాళ్ళు ఎందరో. 'ఈ' అనే అర్థపు 'సెత్' కూడా అచ్చు ముందు రెండు లింగాలకూ ఒకేలా వినిపిస్తుంది. ఇక్కడ తేడా చూపేది 'ఒక' అనే మాట మాత్రమే: అఁనొర్దినాతర్, అఁనెక్రాఁ, యూనెఁప్రిమాఁత్. పైన చెప్పిన శబ్దాలను వాడినా ఇదే తేలుతుంది. 'ఎక్రాఁ' ముక్కుతో ఆగింది కాబట్టి పుంలింగం, 'ఎఁప్రిమాఁత్' చివర హల్లు వినిపించింది కాబట్టి స్త్రీలింగం, యంత్రాలను చెప్పే 'తర్' పుంలింగం. కాబట్టి ఫ్రెంచి మాటలను 'లె, లా'లతో కాకుండా 'అఁ, యూన్'లతోనే నేర్చుకోవాలి. పుస్తకాల పదపట్టికలు ఎక్కువగా 'ల్' పెట్టి ఇస్తాయి. అవి చేతిలో పడగానే పక్కన 'అఁ' లేదా 'యూన్' రాసుకోవాలి.

దీనికి ఒక రంగు కూడా తగిలిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఆకుపచ్చ అనే విశేషణం పుంలింగంలో 'వేర్', స్త్రీలింగంలో 'వేర్త్'. తెలుపు 'బ్లాఁ', 'బ్లాఁష్'. యూన్ తాబ్ల్ వేర్త్ (ఆకుపచ్చ బల్ల), అఁ స్తిలో వేర్ (ఆకుపచ్చ పెన్ను) అని పైకి చదివితే చివరి 'త్' ఉందా లేదా అన్నది చెవిలో నిలుస్తుంది. ఎరుపు దీనికి పనికిరాదు. 'రూజ్' రెండు లింగాల్లోనూ ఒకటే.

సూత్రం దొరకని మాటలు

చివర చూసినా ఏమీ తెలియని పొట్టి మాటలు రెండు భాషల్లోనూ ఉంటాయి, రోజువారీ వాడకంలో అవే ఎక్కువ. జర్మన్ టిష్, ట్యూర్ (తలుపు), బూఖ్ లాంటివి. వీటికి బొమ్మ కట్టే పద్ధతి పనిచేస్తుంది. ఒక్కో లింగానికి ఒక్కో పనిని కేటాయించుకోవాలి: పుంలింగమైతే మంటల్లో కాలుతుంది, స్త్రీలింగమైతే నీళ్ళలో తేలుతుంది, నపుంసకమైతే గాజులా పగులుతుంది. తలుపు నీటి మీద తేలిపోతోందనీ, పుస్తకం నేలపడి ముక్కలైందనీ ఒక్క క్షణం ఊహించుకుంటే చాలు. ముఖ్యం ఏమిటంటే ఆ పనులను మధ్యలో మార్చకూడదు. ఈ పద్ధతిని వందలాది మాటలకు వాడితే బొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. సూత్రం పనిచేయని వాటికీ, రెండుసార్లు తప్పు పోయిన వాటికీ మాత్రమే దాచిపెట్టుకోవాలి.

ఒకే మాటకు రెండు లింగాలుండి అర్థం మారేవాటిని జంటగా నేర్చుకోవడం మంచిది. జర్మన్‌లో 'డేర్ జే' సరస్సు, 'డీ జే' సముద్రం. 'డాస్ ష్టోయెర్' కారు స్టీరింగ్, 'డీ ష్టోయెర్' పన్ను. ఇంకోవైపు, నిజంగానే రెండూ చెల్లేవి ఉన్నాయి. పెరుగు 'యోగుర్ట్' జర్మన్‌లో డేర్ అయినా డాస్ అయినా ఒప్పే. ఈమెయిల్ జర్మనీలో డీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో డాస్ అని కూడా వింటారు. ఫ్రెంచిలో మధ్యాహ్నమనే 'అప్రే మిదీ'కి రెండు లింగాలూ నడుస్తాయి. ఇలాంటి చోట ఎవరో వేరేగా అన్నారని తాను నేర్చుకున్నది కొట్టేసుకోనక్కర్లేదు.

నిఘంటువులో చూసేటప్పుడు జర్మన్ మాటకు లింగం ఒక్కటే చూసి మూసేయకూడదు. డూడెన్ నిఘంటువులో మాట పక్కన డేర్, డీ, డాస్ ఉన్నట్టే షష్ఠి రూపం చివరా, బహువచనం చివరా కూడా ఇస్తారు. బహువచనాన్ని కూడా కలిపి రాసుకుంటే లింగానికి అదనపు ఆధారం దొరుకుతుంది. 'ఎన్' చేర్చి బహువచనమయ్యేవి చాలావరకు స్త్రీలింగాలు (లాంపెన్, వోనుంగెన్). అచ్చు మార్చి చివర 'ఎర్' చేర్చేవి స్త్రీలింగం కావు, వాటిలో ఎక్కువ నపుంసకాలే, 'బ్యూఖెర్' లాగా. మాట గుర్తుండి లింగం మరిచిపోయినప్పుడు బహువచనాన్ని నోట్లో అనుకుంటే చాలాసార్లు డేర్, డీ, డాస్‌లలో కనీసం ఒకటి తొలగిపోతుంది.